‘మితుల పరంగా సరైనది’ అంటే సమీకరణం సరైనదనేనా?

వాణి: మొదటి సంవత్సరం భౌతికశాస్త్రం హోంవర్కులో v² = u² + as అన్న సమీకరణం మితుల పరంగా సరైనదో కాదో పరీక్షించమన్నారు. వేగం వర్గానికి మితి L²T⁻², త్వరణాన్ని దూరంతో గుణించినా అదే మితి వస్తుంది కనుక సరైనదని రాశాను. అయితే పాఠంలో ఉన్నది 2as కదా, తప్పు సూత్రాన్ని ‘సరైనది’ అనడం భాష దృష్ట్యా సమంజసమేనా?

సుధీర్: 2 వట్టి సంఖ్య, దానికి మితి లేదు. కనుక దాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదండి. మితులు కుదిరాయంటే సూత్రం స్వరూపం నిజమైనట్టే.

రాఘవరావు: సుధీర్ గారి మొదటి మాట నిజమే కాని, రెండో మాట నిలవదు. v² = 3u² − as అని రాసినా మితులు కుదురుతాయి. నిశ్చల స్థితి నుంచి 2 m/s² త్వరణంతో 3 సెకన్లు కదిలిన వస్తువు వేగం 6 m/s, అది సాగిన దూరం 9 మీటర్లు. v² విలువ 36, as విలువ 18 మాత్రమే కనుక, వాణి గారికిచ్చిన సమీకరణం మితుల పరీక్షలో నెగ్గినా సంఖ్యల దగ్గర ఓడిపోయింది. ‘మితుల పరంగా’ అన్న విశేషణం ఆ పరిమితినే చెబుతుంది. లోలకం ఆవర్తన కాలానికి √(l/g) బదులు √(g/l) రాస్తే మాత్రం సెకనుకు బదులు 1/సెకను వచ్చి, తప్పు వెంటనే దొరుకుతుంది.

లలిత: ఇది ప్రమాణాలు మార్చే ప్రశ్న అనుకుని చదివాను, నా చిక్కు అక్కడే ఉంది. ఉక్కు సాంద్రత 7.8 g/cm³ ను kg/m³ లోకి మారిస్తే నాకు 0.78 వచ్చింది, జవాబుల్లో 7800 అని ఉంది.

రాఘవరావు: మీరు గ్రాములను 1000తో, సెంటీమీటర్లను 100తో భాగించి ఉంటారు. హారంలో ఉన్నది cm³, అంటే 100తో మూడు సార్లు భాగించాలి, 1 cm³ = 10⁻⁶ m³. కాబట్టి 7.8 × 10⁻³ ను 10⁻⁶ తో భాగిస్తే 7800 వస్తుంది. గాలి సాంద్రతే సుమారు 1.2 kg/m³ ఉంటుంది కనుక, మీ లెక్క ప్రకారం ఉక్కు గాలిలో తేలిపోవాలి!

సుధీర్: సరే, ఒప్పుకుంటాను. మరి టార్కుకూ పనికీ మితి ఒక్కటే కదా, టార్కును జౌళ్లలో చెప్పవచ్చా?

రాఘవరావు: చెప్పరు, న్యూటన్-మీటరు అనే రాస్తారు. టార్కును కోణంతో గుణిస్తేనే పని వస్తుంది, ఆ కోణానికి మితి లేదని లెక్క. అందుకే మితులు ఈ రెంటినీ విడదీయలేవు.

వాణి: కోణానికీ ఒక మితి ఇస్తే ఈ తేడా పట్టుబడుతుంది కదండీ?

రాఘవరావు: అలా ఇవ్వాలని వాదించేవారు ఉన్నారు. రేడియన్‌ను 1995లో ఉత్పన్న ప్రమాణాల్లో చేర్చారు కాని, ఆ వాదం మాత్రం ఆగలేదు.