డేకేర్, క్యాబ్ పోను నెలకి 18 వేలు మిగులుతోంది, మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలా?

మియాపూర్ అమ్మ: బాబుకి 11 నెలలు. మెటర్నిటీ లీవు, ఆ మీద జీతం లేని సెలవు కూడా అయిపోయాయి, వచ్చే నెల జాయిన్ అవ్వాలి. జీతం చేతికి 59,300. డేకేర్ 18 వేలు, తిండికి ఇంకో 3 వేలు. ఆఫీసు నానక్‌రామ్‌గూడలో, రానూపోనూ క్యాబ్ 550, నెలకి 22 రోజులంటే 12,100. సాయంత్రం వంటకి, ఇంటిపనికి మనిషిని పెడితే 8 వేలు. మిగిలేది 18,200. దీనికోసం పిల్లాణ్ణి రోజంతా వదలాలా అని మా ఆయన అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

డాలస్ బావ: మానేయడమే మంచిది సిస్టర్. రెండో జీతం మొగుడి జీతం మీద చేరుతుంది కాబట్టి మొదటి రూపాయి నుంచే పెద్ద శ్లాబులో పడుతుంది, అసలు దెబ్బ అక్కడే. మేము అదే లెక్క వేసుకుని మా ఆవిడ చేత మాన్పించాం.

పేస్లిప్ పంతులు: బావగారూ, అది మీ అమెరికా లెక్క. ఇక్కడ భార్యాభర్తలు కలిపి రిటర్ను వేయడం లేదు, ఎవరి జీతానికి వాళ్ళే విడిగా కడతారు. ఆయన 30 శాతం శ్లాబులో ఉన్నా ఈవిడ జీతం సున్నా నుంచే మొదలవుతుంది.

అమ్మా, మీ లెక్కలో నాకు అనుమానం వచ్చింది టాక్స్ దగ్గరే. పేస్లిప్‌లో గ్రాస్ ఎంత, పీఎఫ్ ఎంత, టీడీఎస్ ఎంత అని ఉందో చెప్పండి.

కూకట్‌పల్లి కుర్రాడు: పంతులుగారూ, భార్య ఆదాయం భర్త ఆదాయంతో కలుపుతారని మా సీఏ చెప్పారే?

పేస్లిప్ పంతులు: భర్త ఇచ్చిన డబ్బుని ఆవిడ పేరు మీద ఎఫ్‌డీ వేస్తే ఆ వడ్డీని భర్త ఆదాయంలో కలుపుతారు. మీ సీఏ చెప్పింది అదై ఉంటుంది. ఆవిడ తన చదువుతో, పనితో సంపాదించిన జీతానికి అది వర్తించదు.

మియాపూర్ అమ్మ: లీవుకి ముందు పేస్లిప్ చూశాను. గ్రాస్ 68,000. బేసిక్ 30,000, పీఎఫ్ 3,600, ప్రొఫెషనల్ టాక్స్ 200, టీడీఎస్ 4,900. అప్పట్లో ఎల్ఐసీ చూపించడానికి పాత టాక్స్ రెజీమ్ పెట్టాను.

పేస్లిప్ పంతులు: అదీ సంగతి. 2025-26 నుంచి కొత్త రెజీమ్‌లో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుని 12.75 లక్షల జీతం దాకా టాక్స్ పడదు. మీ గ్రాస్ ఏడాదికి 8.16 లక్షలే. జాయిన్ అయిన రోజే హెచ్‌ఆర్‌కి కొత్త రెజీమ్ అని డిక్లరేషన్ ఇవ్వండి. వాళ్ళు మధ్యలో మార్చం అంటే గడువు లోపల రిటర్ను వేసేటప్పుడు కొత్తది ఎంచుకోండి, కట్ అయిన డబ్బు రీఫండ్ వస్తుంది. అంటే 18,200 కాదు, 23,100.

ఇంక పీఎఫ్. మీ 3,600 పోయినట్టు లెక్కేశారు, కంపెనీ వేసే 3,600 అసలు లెక్కలోకే రాలేదు. ఈ 7,200 చేతికి రాదు, నిజమే, కానీ ఖర్చూ కాదు. ఒకటి అడగాలి, ఈ కంపెనీలో చేరి ఎన్నాళ్ళయింది?

మియాపూర్ అమ్మ: 4 ఏళ్ళ 2 నెలలు.

పేస్లిప్ పంతులు: అయితే ఇప్పుడు రిజైన్ చేస్తే గ్రాట్యుటీ పోతుంది. పర్మనెంట్ ఉద్యోగికి 5 ఏళ్ళ సర్వీసు ఉండాలి, మెటర్నిటీ లీవు కూడా సర్వీసులోకే వస్తుంది. జీతం లేని సెలవు సంగతి మాత్రం హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడిగి రాయించుకోండి. బేసిక్ 30 వేలని 26తో భాగించి, 15తో, తర్వాత 5తో హెచ్చిస్తే కనీసం 86,500 దాకా వస్తుంది. చివరికి మానేద్దామనుకున్నా ఆ 10 నెలలు పూర్తిచేసి మానేయడం మేలు. మానేసినా పీఎఫ్ తీయకండి, 5 ఏళ్ళ లోపు తీస్తే దాని మీద టాక్స్ పడుతుంది.

బెజవాడ టీచరమ్మ: నాకు ప్రైవేటు స్కూల్లో 22 వేలు. పాపని చూసుకునే చోట 9 వేలు, ఆటోకి 3 వేలు. టాక్స్ ఎలాగూ లేదు, పీఎఫ్ కట్టరు. నాకు మాత్రం గిట్టలేదు, రెండేళ్ళు మానేశాను. తర్వాత మళ్ళీ చేరితే 17 వేలన్నారు. ఎందుకంటే గ్యాప్ అట.

డాలస్ బావ: ఇండియా సంగతి నాకు తెలీక చెప్పాను లెండి. మాకైతే ఆవిడకి 60 వేల డాలర్లు, అందులో 22 శాతం ఫెడరల్, 7.65 శాతం సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పోను 42 వేలు. పసిపిల్లల డేకేర్ నెలకి 1,700. రెండో కారు, ఇన్సూరెన్స్ కూడా తీసేస్తే ఏడాదికి 16 వేలు మిగిలేవి. టెక్సాస్‌లో స్టేట్ టాక్స్ లేకపోయినా అంతే.

నిజాంపేట్ సుజాత: ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. డేకేర్ ఖర్చు మొత్తం ఆవిడ జీతంలోంచే ఎందుకు తీసేస్తున్నారు? బాబు ఇద్దరికీ బాబే కదా. సగం ఆయన జీతంలోంచి తీసి లెక్క వేస్తే ఈ ప్రశ్నే రాదు.

కూకట్‌పల్లి కుర్రాడు: ఇంట్లోకొచ్చే మొత్తం ఒకటే కదండీ, ఎవరి జేబులోంచి తీసినా ఆ 23 వేలు 23 వేలే.

నిజాంపేట్ సుజాత: మొత్తం ఒకటే, ఒప్పుకుంటాను. కానీ ఉద్యోగం మానాలా అని ఎప్పుడూ ఆవిడనే అడుగుతారు, నేనన్నది అది.

సరే, పనికొచ్చేది చెప్తాను, నేను రెండేళ్ళు ఈ రూట్‌లో తిరిగాను. ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకి 2023 డిసెంబరు నుంచి టికెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు, ఆధార్ చూపిస్తే చాలు. పొద్దున బాబుని దింపి బస్సులో వెళ్ళి, సాయంత్రం డేకేర్ మూసే టైముకి చేరాలి కాబట్టి ఆ ఒక్కటీ క్యాబ్ పెట్టుకోండి. 280 లెక్కన 6,160 అవుతుంది, దాదాపు 6 వేలు మిగులుతాయి. పొద్దున బస్సు నిండి వస్తుంది, నిలబడాలి, అది ముందే చెప్తున్నా.

ఇంకొకటి, మీరు ఎవ్వరూ రాయనిది. డేకేర్‌లో వేసిన మొదటి మూడు నాలుగు నెలలు పిల్లాడికి జలుబు, జ్వరం తగ్గేలోపు మళ్ళీ వస్తాయి, జ్వరం ఉంటే వాళ్ళు లోపలికి రానివ్వరు, ఫీజు మాత్రం తగ్గించరు. సెలవులు అయిపోతే లాస్ ఆఫ్ పే. మీ గ్రాస్‌కి రోజుకి 2,267. నెలలో మూడు రోజులు పోతే 6,800, బస్సులో మిగిల్చింది అక్కడే పోయింది. ఆయన కూడా వంతు సెలవు పెడితేనే ఈ గండం గట్టెక్కుతుంది.

పేస్లిప్ పంతులు: సుజాతమ్మ మాట నిజం. మొదటి నాలుగు నెలలు 22 వేలు, ఆ తర్వాత 29 వేలు, పీఎఫ్ విడిగా అనుకోండి. కంపెనీలో 50 మంది, అంతకు పైగా ఉంటే పిల్లల్ని చూసుకునే క్రెష్ ఏర్పాటు చట్టప్రకారం ఉండాలి, రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోనివ్వాలి కూడా. చాలామంది అడగరు కాబట్టి హెచ్‌ఆర్ చెప్పదు. మెయిల్‌లోనే అడగండి.

మియాపూర్ అమ్మ: అడిగాను. ఇప్పుడే జవాబు వచ్చింది, గచ్చిబౌలిలో ఒక డేకేర్‌తో టై-అప్ ఉందట, సగం కంపెనీ కడుతుందట. కానీ అది ఇంటికి కాదు, ఆఫీసుకి దగ్గర. అంటే బాబుని ఆ ట్రాఫిక్‌లో రోజూ రెండుసార్లు తిప్పాలి, బస్సు కుదరదు, మళ్ళీ రెండువైపులా క్యాబే.

నిజాంపేట్ సుజాత: ఏడాది నిండని వాణ్ణి సాయంత్రం ఆరున్నరకి ఆ జంక్షన్ల గుండా తీసుకురావడమా? నేనైతే ఇంటి దగ్గరదే చూస్తాను.

కూకట్‌పల్లి కుర్రాడు: ఫీజు 9 వేలు తగ్గుతుంది, క్యాబ్ 6 వేలు పెరుగుతుంది. మూడు వేలు లాభమే కదా? పైగా జ్వరం వస్తే పది నిమిషాల్లో వెళ్ళిపోవచ్చు.

మియాపూర్ అమ్మ: మా ఆయన ఆఫీసు కూడా గచ్చిబౌలే, కార్లో వెళ్తారు. ఇది ఇప్పటిదాకా మా ఇద్దరికీ తట్టలేదు. రాత్రి అడిగి చెప్తాను, ఆయనకి తొమ్మిదింటికే స్టాండప్ మీటింగ్ అంటారేమో.