అప్‌డేట్: ఇంట్రోలో మూడో స్వరం తీసేశాను

నా ప్రశ్న: గిటార్ మీద ఎ, డి, ఇ మేజర్ కార్డ్స్‌తో ఇంట్రో కట్టాను. క్యాంప్‌ఫైర్ పాటలా వినిపిస్తోంది. కలలో తేలుతున్నట్టు ఎలా తేవాలి?

అప్‌డేట్: పని అయింది. ఇప్పుడు ఇలా వాయిస్తున్నాను:

```
Asus2  x02200
Dsus2  xx0230
E5     022400
```

కార్డ్ మేజరా మైనరా అని చెప్పేది మూడో స్వరం. పై మూడింట్లోనూ అది లేదు, అందుకే చెవికి సంతోషమో దిగులో తేలదు. అసలు మజా మాత్రం కింద చివర ఉన్న సన్న తీగది. దాన్ని మూడింట్లోనూ నొక్కకుండా మోగనిస్తాను. అదే ఇ స్వరం మొదటి కార్డ్‌లో ఐదోది, రెండోదాంట్లో రెండోది, మూడోదాంట్లో మూల స్వరం అవుతుంది. స్వరం కదలదు, దాని కింద నేల కదులుతుంది.

స్ట్రమ్ మానేసి తీగలు ఒక్కొక్కటిగా మీటుతున్నాను. డి దగ్గర అలవాటుకొద్దీ వేలు సన్న తీగ రెండో ఫ్రెట్ మీదికి వెళ్లిందంటే ఎఫ్ షార్ప్ పలికి, మళ్లీ మామూలు డి మేజర్!

ప్రాక్టీస్‌లో ఇంకో తిరకాసు వచ్చింది. నేను ఎ సస్2 పట్టుకుంటే మా బేస్ వాయించే తమ్ముడు కింద ఇ వేశాడు. ఎ, బి, ఇ స్వరాలకి ఇ మూలమైతే అది ఇ సస్4. తేలడం పోయి, ఎక్కడికో దిగాలన్న టెన్షన్ వచ్చేసింది. వాడు ఎ మీదే నిలబడ్డాక సర్దుకుంది.

ఎ మేజర్‌లో మూడో స్వరమైన సి షార్ప్‌ని చరణం మొదటి కార్డ్ దాకా దాచి ఉంచాను. అక్కడ `x02220` పడగానే లైటు వేసినట్టుంది.