నాన్నగారి నాడ్యూల్ 6.3 నుంచి 7.4 అయిందంట, ఆపరేషన్ దాకా వెళ్ళాలా?

గాజువాక కుర్రోడు: అందరికీ నమస్తే, కొంచెం టెన్షన్‌లో ఉన్నా. నాన్నగారికి 61, రోజుకి 15 సిగరెట్లు చొప్పున 36 ఏళ్ళు కాల్చారు, మానేసి నాలుగేళ్ళయింది. దగ్గు లేదు ఆయాసం లేదు, నేనే పట్టుబట్టి మార్చిలో లో డోస్ సీటీ తీయించా. కుడి ఊపిరితిత్తి పైభాగంలో 6.3 మి.మీ. సాలిడ్ నాడ్యూల్, అదే చిన్న గడ్డ లాంటిది, ఉందని, ఆర్నెల్లాగి మళ్ళీ తీయమని చెప్పారు. మొన్న ఇంటి దగ్గరున్న వేరే సెంటర్లో తీయిస్తే 7.4 అని, సైజు పెరిగిందని రాసిచ్చారు. అమ్మ రెండ్రోజుల్నుంచి అన్నం ముట్టట్లేదు, బాబాయ్ హైదరాబాద్ తీసుకెళ్ళి కోయించేద్దాం అంటున్నాడు.

పెందుర్తి మేస్టారు: బాబూ కంగారు పడకు, మన దగ్గర చాలామందికి పాత టీబీ మచ్చలే ఉంటాయి, మా బావమరిదికీ అదే. అనుమానముంటే పెట్ స్కాన్ చేయించెయ్, వెలిగితే క్యాన్సర్, లేకపోతే లేదు.

ఫిల్మ్ రూమ్ అక్క: మేస్టారూ, టీబీ మచ్చ అయ్యుండొచ్చన్నది నిజమే, అందులో సున్నం పేరుకుని తెల్లగా గట్టిగా కనిపిస్తే నిశ్చింతగా ఉండొచ్చు కూడా. కానీ పెట్ అంత సైజుకి పనికిరాదండి. 8 మి.మీ. లోపు వాటిలో క్యాన్సర్ ఉన్నా వెలగకపోవచ్చు, పైగా టీబీ యాక్టివ్‌గా ఉంటే అదీ వెలుగుతుంది. సూది పెట్టి ముక్క తీయడం కూడా ఆ సైజులో కష్టం, ఊపిరితిత్తికి చిల్లు పడి గాలి బయటికి వచ్చే ప్రమాదం వేరే. అందుకే ఆర్నెల్లాగమంటారు, నిర్లక్ష్యంతో కాదు. సాలిడ్ క్యాన్సర్ అయితే చాలావరకు ఏడాదిలోపే లోపలి పరిమాణం రెట్టింపు అవుతుంది కాబట్టి ఆ గ్యాప్‌లో పెరుగుదల బయటపడుతుంది.

తమ్ముడూ, నేను సీటీ టెక్నీషియన్‌ని, 14 ఏళ్ళుగా ఇదే పని. రెండు రిపోర్టుల్లోనూ కొలత ఎలా రాశారో చూసి చెప్పు, ఒకటే అంకె ఉందా, రెండంకెలు మధ్యలో x పెట్టి ఉన్నాయా?

గాజువాక కుర్రోడు: పాతదాంట్లో "సగటు వ్యాసం 6.3" అని ఉందక్కా. కొత్తదాంట్లో 7.4 x 5.6.

ఫిల్మ్ రూమ్ అక్క: అదీ సంగతి. నాడ్యూల్ గుండ్రంగా ఉండదు, చింతగింజలా ఉంటుంది. స్క్రీనింగ్‌లో పొడవు, వెడల్పు రెండూ కొలిచి సగటు తీస్తారు. 7.4, 5.6 సగటు ఎంత? 6.5. వాళ్ళు పొడుగు అంకె తీసుకెళ్ళి పాత సగటుతో పోల్చేశారు. ఒకే నాడ్యూల్‌ని ఒకే మనిషి రెండుసార్లు కొలిచినా మిల్లీమీటరు అటూ ఇటూ వస్తుంది, అందుకే సగటు 1.5 మి.మీ. దాటి పెరిగితేనే పెరిగిందని లెక్క. అలాగని చిన్న తేడాని తీసిపారెయ్యొద్దు, 6 కాస్తా నిజంగా 7.5 అయిందంటే లోపల పరిమాణం దాదాపు రెట్టింపు అయినట్టే.

ఇప్పుడు చెయ్యాల్సింది, ఫిల్ములు కాదు, రెండు స్కాన్‌ల సీడీలూ తీసుకో. ఒక మిల్లీమీటరు స్లైసులు ఉన్నాయా అని అడుగు, ఒక్కోసారి 5 మి.మీ. మందం స్లైసులే ఇచ్చేస్తారు, అందులో ఇంత చిన్నది సగం మసకబారిపోతుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఒకే రేడియాలజిస్టుతో కొలిపించు.

కంచరపాలెం రవి: అక్కా నేనూ 22 ఏళ్ళుగా బీడీలు కాలుస్తున్నా, రెండు వారాల్నుంచి కళ్ళెలో రక్తం జీరలు పడుతున్నాయి, నేను కూడా ఈ లో డోస్ తీయించుకుని ఆర్నెల్లు చూస్తే సరిపోతుందా?

ఫిల్మ్ రూమ్ అక్క: వద్దు రవిగారూ, ఆగకండి! ఈ స్క్రీనింగ్ ఏ బాధా లేనివాళ్ళకి. రక్తం పడుతుంటే రేపే ఛాతీ ఆసుపత్రికి వెళ్ళండి, కళ్ళె పరీక్ష చేస్తారు, ఏ స్కాన్ కావాలో వాళ్ళే రాస్తారు.

భీమిలి లక్ష్మి: మా అమ్మ అడ్డపొగ తాగుద్ది, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని, రోజుకి మూడు. ఈ స్కాన్ ఎవరికి తీయాలో చూసే ప్యాకుల లెక్కలోకి ఇది ఎలా వస్తుంది?

ఫిల్మ్ రూమ్ అక్క: అమెరికా వాళ్ళ 2021 లెక్క ప్రకారం 50 నుంచి 80 ఏళ్ళ వయసు, రోజుకో 20 సిగరెట్ల ప్యాకెట్ చొప్పున 20 ఏళ్ళకి సమానంగా కాల్చి ఉండాలి, మానేస్తే 15 ఏళ్ళు దాటకూడదు. ఆ లెక్కన కుర్రోడి నాన్నగారికి 27 ఏళ్ళు వస్తుంది. చుట్టకి, బీడీకి ఎంత వేసుకోవాలో మా డాక్టర్లే తలో మాటా చెప్తారు లక్ష్మిగారూ. అడ్డపొగకి ముందు అమ్మగారి అంగిలి చూపించండి, అక్కడ తెల్లమచ్చలూ పుళ్ళూ వస్తాయి.

గాజువాక కుర్రోడు: అప్‌డేట్. పాత సెంటర్‌ డాక్టర్‌గారు రెండు సీడీలూ వేసి నా ముందే కొలిచారు. మార్చిలోది 6.4, ఇప్పటిది 6.5. అంచులు నున్నగానే ఉన్నాయి, సున్నం మాత్రం లేదు కాబట్టి టీబీ మచ్చే అని ఖాయంగా చెప్పనన్నారు. మళ్ళీ ఏడాదికి, ఇక్కడే, ఇదే మెషీన్ మీద తీయమన్నారు. అమ్మ ఈ మధ్యాహ్నం తిన్నది. బాబాయ్ మాత్రం ఏడాది ఎందుకు ఆగాలి అని ఇంకా గొడవ పడుతున్నాడు.

పెందుర్తి మేస్టారు: మూడు నెలలకోసారి తీయిస్తే పోలా?

ఫిల్మ్ రూమ్ అక్క: మూడు నెలల్లో 0.3 పెరిగిందని రాస్తే అది పెరుగుదలో కొలత తేడానో ఎవరు తేలుస్తారు మేస్టారూ? బాబాయ్‌ని ఒకసారి ఆ డాక్టర్‌గారి దగ్గరికే తీసుకెళ్ళు తమ్ముడూ, స్క్రీన్ మీద చూస్తే ఆయనకీ అర్థమవుతుంది.