వైవాలో ఎక్స్‌టర్నల్ బోర్డు మీద వేలు పెట్టి అడిగితే? రిలే సర్క్యూట్ గురించి

కావలి_ఈసీఈ: మాది కావలి దగ్గర కాలేజీ, ఈసీఈ ఫైనలియర్. రొయ్యల చెరువులో నీటి వేడి చూసి ఏరియేటర్ ఆన్ చేసే ప్రాజెక్ట్. ఆర్డ్యునో ఊనో, టెంపరేచర్ సెన్సర్, బీసీ547 ట్రాన్సిస్టర్, దాంతో 5 వోల్టుల రిలే. వచ్చే వారమే వైవా. ఎక్స్‌టర్నల్ పీపీటీ వైపు చూడరనీ, బోర్డు చేతిలోకి తీసుకుని ఒక్కో పార్టు చూపించి "ఇది తీసేస్తే ఏమవుతుంది" అని అడుగుతారనీ సీనియర్లు చెప్తున్నారు. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పెన్నా_గట్టు: రిలే దగ్గర మొదలుపెట్టు, అందరినీ అక్కడే పట్టుకుంటారు. కాయిల్‌కి అడ్డంగా డయోడ్ ఎందుకంటే రిలే కాలిపోకుండా అని చెప్పేయ్. మేం అదే చెప్పాం, మార్కులు పడ్డాయి.

ఒంగోలు_అక్క: మార్కులు పడ్డాయేమో గానీ జవాబు సగమే. డయోడ్ కాపాడేది రిలేని కాదు, ట్రాన్సిస్టర్‌ని. ట్రాన్సిస్టర్ ఆఫ్ అయిన క్షణంలో కాయిల్ తనలోని కరెంటును వెంటనే ఆగనివ్వదు. దారి లేకపోతే కలెక్టర్ దగ్గర వోల్టేజ్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. బీసీ547 ఓర్చుకునేది 45 వోల్టులే. డయోడ్ ఉంటే ఆ కరెంటు అందులో తిరిగి చల్లారిపోతుంది. తర్వాతి ప్రశ్న కూడా చెప్తున్నా: "తిరగేసి పెడితే?" అప్పుడు ట్రాన్సిస్టర్ ఆన్ అవగానే కరెంటు కాయిల్‌లోకి పోకుండా డయోడ్‌లోంచి పోతుంది, సప్లై దాదాపు షార్ట్ అయినట్టే. రిలే కొట్టుకోదు, ట్రాన్సిస్టర్ పోతుంది. డయోడ్ మీది గీత 5 వోల్టుల వైపు ఉండాలి.

తమ్ముడూ, కంఠస్థం పట్టకు. మీటర్ తీసుకుని కాయిల్ రెసిస్టెన్స్ కొలువు. సుమారు 70 ఓమ్‌లు వస్తుంది. 5ని 70తో భాగిస్తే 71 మిల్లీఆంప్స్. ఊనో పిన్ నుంచి 20 వరకే తీసుకోమంటారు, 40 దాటకూడదు. ట్రాన్సిస్టర్ ఎందుకన్న ప్రశ్నకు అదే జవాబు.

కావలి_ఈసీఈ: కొలిచా అక్కా, 69 చూపించింది. బేస్‌లో 1కె పెట్టాం. గెయిన్ 110 అయితే 10కె కూడా సరిపోవాలిగా?

ఒంగోలు_అక్క: సరిగ్గా అక్కడే ఇరుక్కుంటారు. 10కె పెడితే బేస్‌లోకి వచ్చేది 0.43 మిల్లీఆంప్సే. 110తో గుణిస్తే 47, నీ కాయిల్‌కి కావలసింది 70 పైన. గెయిన్ ఎక్కువున్న ముక్క పడితే రిలే కొట్టుకుంటుంది, తక్కువున్నది పడితే కొట్టుకోదు. కొట్టుకున్నా ట్రాన్సిస్టర్ సగమే తెరుచుకుని వేడెక్కుతుంది. స్విచ్‌గా వాడేటప్పుడు గెయిన్‌ని 10, 20 లెక్కనే వేసుకోవాలి. 1కెతో 4.3 వస్తుంది, అంటే 16 చిల్లర. బాగానే ఉంది.

కొత్తపట్నం_చెరువు: అబ్బయ్యా, మా ఏరియేటర్లు 2 హెచ్‌పీ, త్రీ ఫేజ్. ఈ అగ్గిపెట్టె లాంటి రిలేతో తిరుగుతాయా? అయినా మేం వేడి చూసి వెయ్యం. రాత్రి గాలి తగ్గి తెల్లారుజామున రొయ్య పైకి తేలుతుంది, అప్పుడు కావాలి. కిట్ ఎంతకిస్తారు?

ఒంగోలు_అక్క: అన్నా, అమ్మకానికి కాదు, వైవా కోసం. అయితే మీరడిగిన రెండూ ఎక్స్‌టర్నల్ అడగదగ్గవే. రిలే మీద 10 ఆంప్స్, 250 వోల్టులు అని ఉంటుంది, కానీ మోటార్ లేచేటప్పుడు మామూలుకి ఎన్నో రెట్లు లాగుతుంది. పైగా ఒక్క కాంటాక్టుతో మూడు ఫేజులు కట్ చెయ్యలేం. స్టార్టర్‌లోని కాంటాక్టర్ కాయిల్‌ని రిలే ఆన్ చెయ్యాలి, మోటార్‌ని కాంటాక్టర్ చూసుకుంటుంది. సర్క్యూట్ డయాగ్రమ్‌లో అది గీసుంచు తమ్ముడూ. ఆక్సిజన్ సంగతిలో మాత్రం అన్న చెప్పిందే నిజం. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తక్కువ పట్టుకుంటాయి. కానీ రాత్రి పడిపోవడానికి కారణం వేరు: ఎండ లేక నాచు ఆక్సిజన్ తయారు చెయ్యదు, అది కూడా పీల్చుకుంటుంది. వేడి ఒక్కటే చూస్తే సరిపోదని నువ్వే ముందు చెప్పేస్తే మంచిది.

సీఎస్ఈ_బ్యాచ్: మేం రెండు రిలేల రెడీమేడ్ మాడ్యూల్ కొన్నాం. ఆప్టోకప్లర్ ఉంది, ఆర్డ్యునోకీ కాయిల్‌కీ పూర్తి ఐసొలేషన్ అని చెప్పాం. సార్ నవ్వి "మరి ఈ జంపర్ ఏంటి?" అన్నారు. ఏంటది?

ఒంగోలు_అక్క: ఆ జేడీ-వీసీసీ జంపర్ ఉంటే కాయిల్‌కీ ఆర్డ్యునోకీ సప్లై ఒకటే, ఆప్టో పెట్టిన ప్రయోజనం పోయినట్టే. అది తీసి కాయిల్‌కి వేరే 5 వోల్టులు ఇచ్చి, గ్రౌండ్‌లు కూడా కలపకపోతేనే విడిపోతాయి. 230 వోల్టుల వైపు మాత్రం రిలే కాంటాక్టులు ఎలాగూ విడిగానే ఉంటాయి.

పెన్నా_గట్టు: అందుకే మాడ్యూల్ వద్దంటా. విడి పార్టులతో చేస్తే ప్రతిదీ తెలుస్తుంది.

సీఎస్ఈ_బ్యాచ్: చేత్తో సోల్డర్ చేసిన బోర్డు వైవా రోజే పని చెయ్యకపోతే? మా ఫ్రెండ్స్‌ది అలాగే అయ్యింది. నాకు మాడ్యూలే నయం.

కావలి_ఈసీఈ: మాది విడి పార్టులే. ఒక్కోసారి రిలే కొట్టుకోగానే ఊనో రీసెట్ అవుతోంది. ఇది కూడా డయోడ్ వల్లేనా?

ఒంగోలు_అక్క: డయోడ్ సరిగ్గా ఉంటే ముందు సప్లైని అనుమానించు. యూఎస్‌బీ తీసేసి వేరే అడాప్టర్‌తో చూడు, 5 వోల్టుల లైన్‌కి 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి చూడు. రిలే దగ్గర ఏరియేటర్ బదులు ఏం పెట్టారు, బల్బా మోటారా? మోటారైతే ఫోటో పెట్టు.