ఎన్‌ఆర్‌ఓ స్టేట్‌మెంట్‌లో 31.2 శాతం కోత: రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలా, బ్యాంకు దగ్గరే తగ్గించుకోవాలా?

కోనసీమ_కుర్రాడు (డల్లాస్):
నాకు ఎన్‌ఆర్‌ఓలో, అంటే ఇండియా ఆదాయం పడే ఎన్‌ఆర్‌ఐ ఖాతాలో, 20 లక్షల ఎఫ్‌డీ ఉంది, 7 శాతం, మూడు నెలలకోసారి వడ్డీ సేవింగ్స్‌లో పడుతుంది. 2024-25 స్టేట్‌మెంట్ తీశాను. ప్రతి క్వార్టర్‌కీ వడ్డీ 35,000 జమ, దాని కిందే టీడీఎస్ 10,920 ఖర్చు. సేవింగ్స్ వడ్డీ 1,250 మీద కూడా ప్రతిసారీ 390 కోసేశారు. మార్చిలో 3 లక్షలు ఎన్‌ఆర్‌ఈకి మార్చాను. ఇండియాలో నాకు ఇంకే ఆదాయమూ లేదు. పన్ను ఎలాగూ కట్ అయిపోయింది కదా, ఇక వదిలేయొచ్చా? లేక ఏమైనా చేయాలా?

రమణ_ఎడిసన్:
వదిలేయండి తమ్ముడూ. బ్యాంకు కోసిందంటే ఇండియా లెక్క అయిపోయినట్టే. అమెరికా రిటర్న్‌లో ఫారం 1116 మీద ఆ 45 వేలూ క్రెడిట్ తీసుకోండి, సరిపోతుంది. వచ్చే ఏడాదికి మాత్రం బ్యాంకుకి రెండు దేశాల పన్ను ఒప్పందం, అదే డీటీఏఏ, కాగితాలు ఇవ్వండి, 31.2 బదులు 15 శాతమే కోస్తారు. నేను చాలా ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాను. ఇండియా రిటర్న్ జోలికి పోలేదు.

లెక్కల_మాస్టారు:
రమణ గారూ, డీటీఏఏ సలహా మంచిదే. మొదటి మాట మాత్రం ఒప్పుకోలేను. బ్యాంకు కోసింది పన్ను కాదు, పన్ను కింద ముందుగా పట్టి ఉంచిన డబ్బు. ఎన్‌ఆర్‌ఐ ఖాతా అనగానే బ్యాంకు 30 శాతం, దాని మీద 4 శాతం సెస్ కలిపి 31.2 కోస్తుంది. మన మొత్తం ఆదాయం ఎంతో దానికి తెలియదు, అడగదు కూడా. వడ్డీ పది రూపాయలైనా కోత తప్పదు, 15జీ ఇచ్చి ఆపుకునే వీలు ఎన్‌ఆర్‌ఐకి లేదు.

ఇప్పుడు ఈయన లెక్క చూద్దాం. ఎఫ్‌డీ వడ్డీ ఏడాదికి 1,40,000, సేవింగ్స్ వడ్డీ 5,000, కలిపి 1,45,000. కొత్త విధానంలో 2024-25కి 3 లక్షల దాకా పన్ను లేదు, పాత విధానంలోనూ రెండున్నర లక్షల దాకా లేదు. ఎన్‌ఆర్‌ఐకి 87ఏ రిబేటు రాదు, కానీ ఈయనకి దాని అవసరమే లేదు, ఆదాయం మొదటి గీత కిందే ఉంది. అంటే ఇండియాలో కట్టాల్సిన పన్ను సున్నా, కోసింది 45,240. ఐటీఆర్-2 వేస్తే ఆ మొత్తమంతా రీఫండ్ వస్తుంది.

రమణ_ఎడిసన్:
మాస్టారూ, రీఫండ్ వచ్చినా అదే వడ్డీ మీద ఇక్కడ ఐఆర్‌ఎస్‌కి కట్టాలి కదా. ఆయన 24 శాతం స్లాబ్‌లో ఉన్నారనుకోండి, అక్కడ తెచ్చుకుని ఇక్కడ ఇచ్చేయడమే. దానికోసం సీఏ ఫీజు, ఈ-వెరిఫికేషన్ తిప్పలు ఎందుకు?

లెక్కల_మాస్టారు:
ఎందుకంటే ఆ 45,240కి ఇక్కడ క్రెడిట్ రాదు. ఐఆర్‌ఎస్ క్రెడిట్ ఇచ్చేది చట్టప్రకారం మీరు కట్టక తప్పని పన్నుకే. అడిగితే వెనక్కి వచ్చే డబ్బుని అడక్కుండా వదిలేస్తే అది వాళ్ల దృష్టిలో పన్ను కాదు, మీరు ఇష్టపడి ఇచ్చింది. కాబట్టి వదిలేస్తే ఇండియాలో 45,240 పోతుంది, అమెరికాలో మీరన్న 24 శాతం చొప్పున 34,800 విడిగా కట్టాలి. రిటర్న్ వేస్తే ఆ 34,800 ఒక్కటే. ఎక్కడ తెచ్చి ఎక్కడ ఇచ్చినా ఒకటే అనడానికి లేదు.

ఇంకో సంగతి ఉంది. ఆదాయం పరిమితి లోపల ఉంటే రిటర్న్ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధన ప్రకారం ఏడాదిలో టీడీఎస్, టీసీఎస్ కలిపి 25,000 లేదా అంతకు మించితే ఆదాయం ఎంత తక్కువైనా రిటర్న్ వేయాల్సిందే. ఈయనకి 45,240 కోశారు. కాబట్టి వేయాలా వద్దా అన్న ప్రశ్నే ఈ ఏడాదికి లేదు.

రమణ_ఎడిసన్:
ఆ 25 వేల నిబంధన నాకు తెలియదు, ఒప్పుకుంటాను. అయితే నా మాటకి బలం వచ్చింది చూడండి. డీటీఏఏ ఇచ్చి ఉంటే 15 శాతం లెక్కన 21,750 మాత్రమే కోసేవారు, సెస్ కూడా పడదు. 25 వేల లోపే కాబట్టి రిటర్న్ బాధ్యత కూడా ఉండేది కాదు.

లెక్కల_మాస్టారు:
బాధ్యత ఉండదు, నిజమే. ఆ 21,750 మాత్రం పోతుంది. ఒప్పందం 15 శాతం మించకూడదంటుంది. ఇండియా చట్టం సున్నా అంటోంది. రెండింట్లో ఏది తక్కువైతే అది తీసుకునే హక్కు మనది. 15 శాతం కోసినా అదీ రీఫండ్ రావాల్సిన డబ్బే. నిక్కచ్చిగా చూస్తే దానికీ ఫారం 1116 మీద క్రెడిట్ నిలబడదు.

రమణ_ఎడిసన్:
ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించను. ఒప్పందంలో రాసిన రేటుకే కోశారు, నేను దాన్నే చూపిస్తున్నాను. నాకు తెలిసిన ఇద్దరు సీపీఏలు ఇలాగే వేస్తారు.

లెక్కల_మాస్టారు:
వేస్తారు, ఎవరూ అడక్కపోతే నడుస్తుంది. అడిగితే జవాబు కష్టం. వడ్డీ అంతా కలిపి పన్ను లేని పరిమితి దాటి, ఇండియాలో నిజంగానే పన్ను పడేవాళ్లకి మీ పద్ధతి సబబు.

సుజాత_షార్జా:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాదీ ఇలాంటిదే కానీ కాస్త తేడా. నా ఎన్‌ఆర్‌ఓ ఎఫ్‌డీ మూడేళ్లకి, వడ్డీ చివర్లో ఒకేసారి ఇచ్చేది. స్టేట్‌మెంట్‌లో ఎక్కడా వడ్డీ జమ లేదు. మార్చి 31న మాత్రం `TDS` అని 21,840 పోయింది! రాని వడ్డీకి పన్నేంటని బ్యాంకుకి ఫోన్ చేస్తే "సిస్టమ్ తీసుకుంది మేడమ్" అన్నారు. పైగా మాకు గల్ఫ్‌లో పన్నే లేదు కదా?

లెక్కల_మాస్టారు:
అమ్మా, 21,840ని 0.312తో భాగించి చూడండి, సరిగ్గా 70,000 వస్తుంది. అది ఈ ఏడాది మీ ఎఫ్‌డీ లోపల పేరుకున్న వడ్డీ. చేతికి రాకపోయినా బ్యాంకు దాన్ని మీ లెక్కలో రాసుకుంది కాబట్టి, కోత కూడా ఈ ఏడాదే పడింది. మీ బ్యాంకు ఆ కోతని సేవింగ్స్ నుంచి తీసింది. కొన్ని బ్యాంకులు ఎఫ్‌డీ లోంచే తీస్తాయి, అప్పుడు రసీదు మీద రాసిన మెచ్యూరిటీ మొత్తం కన్నా తక్కువ చేతికొస్తుంది. స్టేట్‌మెంట్ ఒక్కటే చూస్తే ఈ వడ్డీ కనపడదు. బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్, ఆదాయపు పన్ను పోర్టల్‌లో టీడీఎస్ లెక్క చూపే 26ఏఎస్ పక్కపక్కన పెట్టుకోవాలి.

జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మూడేళ్ల వడ్డీనీ మెచ్యూరిటీ ఏడాదిలో ఒకేసారి చూపిస్తే, మొదటి రెండేళ్ల టీడీఎస్ వేరే ఏళ్ల ఖాతాలో పడి ఉంటుంది. అది కలవక రీఫండ్ ఆగుతుంది. ఏ ఏడాది వడ్డీని ఆ ఏడాదే చూపించి, ఆ ఏడాది టీడీఎస్‌ని అప్పుడే అడగండి.

యూఏఈతో ఒప్పందం రేటు 12.5 శాతం. అక్కడ మీకు పన్ను లేదు కాబట్టి క్రెడిట్ గొడవే లేదు, రీఫండ్ వచ్చిందంటే అది పూర్తిగా మీ చేతిలో మిగిలినట్టే. 

బెజవాడ_బాబాయ్:
ఇదంతా చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంది. మా అబ్బాయి ఖాతాలో వడ్డీ మీద రూపాయి కూడా కోయలేదు. మీ బ్యాంకులు తప్పు చేస్తున్నట్టున్నాయి.

సుజాత_షార్జా:
బాబాయ్ గారూ, అది ఎన్‌ఆర్‌ఈ అయ్యుంటుంది, స్టేట్‌మెంట్ పైన ఖాతా రకం చూడండి. బయట సంపాదించి పంపిన డబ్బుకి అది, దాని వడ్డీ మీద ఇండియాలో పన్ను లేదు. మేం మాట్లాడుతున్నది ఎన్‌ఆర్‌ఓ గురించి.

కోనసీమ_కుర్రాడు (డల్లాస్):
మాస్టారూ, మరి ఎన్‌ఆర్‌ఈకి మార్చిన 3 లక్షల సంగతేంటి? బ్యాంకు 15సీఏ అడిగింది, ఇచ్చాను. సీఏ సర్టిఫికెట్ అడగలేదు.

లెక్కల_మాస్టారు:
పన్ను పడే డబ్బు ఏడాదిలో 5 లక్షల లోపు పంపితే 15సీబీ, అంటే ఆ సీఏ సర్టిఫికెట్, అక్కర్లేదు. అయినా కొన్ని బ్రాంచీలు లోపలి నియమం పేరుతో అడుగుతాయి, మీది అడగలేదు, మంచిదే. ఎన్‌ఆర్‌ఓ నుంచి ఎన్‌ఆర్‌ఈకి మార్చడం కూడా ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితి కిందే లెక్క, మీరు దాని దరిదాపుల్లో లేరు. ఇకనుంచి ఆ 3 లక్షల మీద వచ్చే వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. అమెరికాలో ఉంది, ఎన్‌ఆర్‌ఈ అయినా సరే చూపించాలి.

అమెరికా లెక్కకి ఈ ఏప్రిల్-మార్చి స్టేట్‌మెంట్ పనికిరాదు. జనవరి నుంచి డిసెంబర్ దాకా విడిగా తీసి, అందులో `INT` అని పడ్డ జమల్ని కలపండి. చేతికొచ్చిన 24,080 చూపించకూడదు, కోత పడకముందున్న 35,000 చూపించాలి. 20 లక్షల ఎఫ్‌డీ అంటే 10,000 డాలర్లు దాటినట్టే, విదేశీ ఖాతాల రిపోర్టు ఎఫ్‌బార్ కూడా వేయాలి.

రమణ_ఎడిసన్:
వచ్చే ఏడాదికి డీటీఏఏ మాత్రం మానకు తమ్ముడూ. ఫారం 8802 వేసి 85 డాలర్లు కడితే ఐఆర్‌ఎస్ ఫారం 6166 పంపుతుంది, అదే రెసిడెన్సీ సర్టిఫికెట్. పోర్టల్‌లో 10ఎఫ్ నింపి, రెండూ బ్యాంకుకి ఇవ్వాలి. 6166 రావడానికి వారాలు పడుతుంది, ఏటా మళ్లీ ఇవ్వాలి. మొదటి క్వార్టర్ వడ్డీ పడేలోపు అందకపోతే ఆ కోత 31.2 శాతమే పడుతుంది.

లెక్కల_మాస్టారు:
23,490 రూపాయలు ఏడాదంతా ఇరుక్కోకుండా ఉండటం కోసం ఏటా 85 డాలర్లు. నేనైతే కట్టను, ఎలాగూ రిటర్న్ వేసేవాడిని కాబట్టి. రిటర్న్ వేయనంటే కట్టండి.

కోనసీమ_కుర్రాడు (డల్లాస్):
రిటర్న్ వేద్దామని కూర్చున్నాను. 26ఏఎస్‌లో సెక్షన్ 195 కింద 33,930 మాత్రమే ఉంది. స్టేట్‌మెంట్‌లో 45,240 కోశారు.

లెక్కల_మాస్టారు:
తేడా 11,310, అంటే మీ ఒక క్వార్టర్ కోత, 10,920 ప్లస్ 390. జనవరి-మార్చిది అయ్యుంటుంది. బ్యాంకు దానికి 27క్యూ అనే టీడీఎస్ స్టేట్‌మెంట్ మే 31 లోపు వేయాలి. వేయలేదో, పాన్ తప్పు కొట్టారో. ఆ క్వార్టర్ టీడీఎస్ సర్టిఫికెట్ 16ఏ అడగండి, అది ఇవ్వలేకపోతే వేయనట్టే. బ్రాంచికి మెయిల్‌లో ఆ రెండు ఎంట్రీల తేదీ, మొత్తం రాసి, 27క్యూ సరిచేయమని అడగండి.

రమణ_ఎడిసన్:
ఆగడం ఎందుకు, స్టేట్‌మెంట్ చేతిలో ఉంది కదా, 45,240 అడిగేయండి.

లెక్కల_మాస్టారు:
అడిగితే 33,930 ఇచ్చి మిగతాది కోసి పంపుతారు, తర్వాత దానికోసం వేరే తిరుగుడు. గడువుకి ఇంకా టైముంటే బ్యాంకు చేత సరిచేయించి వేయండి. గడువు దగ్గర పడితే వేసేసి, 26ఏఎస్‌లో పడ్డాక రెక్టిఫికేషన్ పెట్టండి. డిసెంబర్ 31 మాత్రం దాటనివ్వకండి, ఆ తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్న్‌లో రీఫండ్ అడగనివ్వరు.

కోనసీమ_కుర్రాడు (డల్లాస్):
మెయిల్ పెట్టాను. 16ఏ మూడు క్వార్టర్లవే పంపారు, నాలుగోది "ప్రాసెస్‌లో ఉంది" అంటున్నారు.