"తిన్నాడు", "తిన్నాడట": పరువు నష్టం కేసులో ఈ 'ట' మనల్ని కాపాడుతుందా?

సుధ: అందరికీ నమస్కారం. ఒక వ్యాసం తెలుగులో రాస్తున్నా, అందులో లైబెల్, స్లాండర్ అని రెండు మాటలొచ్చాయి. రాసి పరువు తీస్తే లైబెల్, నోటితో అంటే స్లాండర్ అని తెలుసు, కానీ ఈ తేడా వల్ల అసలు ఏం మారుతుందో అర్థం కావట్లేదు. ఇంకో డౌటు, మన భాషకి సంబంధించింది. "సొసైటీ ట్రెజరర్ లిఫ్ట్ డబ్బులు తిన్నాడు" అనడానికి, "తిన్నాడట" అనడానికి మనకి బోలెడు తేడా ఉంది కదా, రెండోదాంట్లో నేను చూళ్ళేదు ఎవరో చెప్తే విన్నా అని మనం పక్కకి తప్పుకుంటాం. కోర్టు ఈ 'ట'ని పట్టించుకుంటుందా?

మూర్తి: మంచి ప్రశ్న. వ్యాకరణంలో దీన్ని, ఇంకొకరి మాటని తిరిగి చెప్పడానికి 'అని' తెచ్చే వాక్యాలతో కలిపి చూడాలి. "వచ్చాడట"లో వక్తకి బాధ్యత లేదు, అది భాషే ఇచ్చిన సౌకర్యం. కాబట్టి 'ట' పెడితే నింద వేసినట్టు కాదనే నా అభిప్రాయం.

రమణ: నోటితో అంటే అసలు కేసే కాదండీ, రాస్తేనే ప్రాబ్లం. పైగా నిజం చెప్తే ఎవడూ ఏం చేయలేడు, ట్రూత్ ఈజ్ డిఫెన్స్ అంటారు కదా. సింపుల్.

విజయలక్ష్మి: రమణ గారూ సగం కరెక్టే, మిగతా సగం మనిషిని ఇరికిస్తుంది. నేను ఈ కేసులు చూస్తుంటాను కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

లైబెల్ స్లాండర్ తేడా ఇంగ్లండ్ నుంచి వచ్చింది, అక్కడ దాని అసలు పని ఒకటే. రాసిన నింద అయితే నాకు నష్టం జరిగింది అని వేరేగా రుజువు చెయ్యక్కర్లేదు, జరిగిందనే కోర్టు అనుకునేది. నోటి మాట అయితే దానివల్ల ఉద్యోగం పోయిందో కాంట్రాక్టు పోయిందో చూపించాలి. కానీ దీనికీ మినహాయింపులున్నాయి, జైలు శిక్ష పడే నేరం చేశాడని అన్నా, చేసే వృత్తికి పనికిరాడని అన్నా నోటి మాటకైనా నష్టం చూపించక్కర్లేదు. ట్రెజరర్ డబ్బు తిన్నాడు అన్నది ఈ రెంటిలోకీ వస్తుంది చూడండి. 2013లో అక్కడ చట్టం మార్చారు, ఇప్పుడు రాసినా అన్నా పరువుకి తీవ్రమైన హాని జరగాలి లేదా జరిగే అవకాశం ఉండాలి. అంటే రాతకి ఉన్న ఆ పాత సులువు చాలావరకు పోయింది.

మన దగ్గర క్రిమినల్ చట్టంలో ఈ తేడా మొదటినుంచీ లేదు. పాత 499వ సెక్షన్లోనే మాటలు, రాత, సైగలు, బొమ్మలు అన్నీ ఒకే వాక్యంలో పెట్టేశారు, 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహిత 356 అయింది. కాబట్టి నోటితో అంటే కేసు కాదు అన్నది తప్పు. సివిల్లో మాత్రం ఆ తేడా ఛాయలు ఇంకా ఉన్నాయి, కాలపరిమితి చట్టంలో లైబెల్ కి 75, స్లాండర్ కి 76 అని రెండు వేరు వేరు పద్దులు. రెంటికీ ఏడాదే గడువు. లైబెల్ కి ప్రచురించిన రోజు నుంచి లెక్క. స్లాండర్ కి మామూలుగా అన్న రోజు నుంచి, నష్టం చూపిస్తే గానీ నిలబడని మాటైతే ఆ నష్టం జరిగిన రోజు నుంచి.

రమణ: సరే ఒప్పుకున్నా, నోటి మాట మీదా కేసు ఉంటుంది. మరి నిజం సంగతి?

విజయలక్ష్మి: సివిల్ దావాలో నిజమైతే చాలు, మీరు కోపంతో అన్నా సరే. కానీ నిజమని నిరూపించే భారం అన్నవాళ్ళ మీదే, "అబద్ధమని నువ్వే నిరూపించు" అని అవతలి వాళ్ళని అడగడానికి లేదు. క్రిమినల్లో అయితే నిజంతో పాటు ఆ మాట బయటపెట్టడం లోకహితం కోసమే అని కూడా చూపించాలి, ఆ సెక్షన్లో మొదటి మినహాయింపు అదే. పాతికేళ్ళ కింద ఎవరో చేసిన తప్పు నిజమే అయినా ఇప్పుడు ఎందుకు తవ్వావు అనే ప్రశ్న అక్కడ వస్తుంది.

ఇప్పుడు సుధ గారి 'ట'. మూర్తి మాస్టారు చెప్పింది భాష వరకు నిజమే, కోర్టులో మాత్రం అది పెద్దగా పనిచెయ్యదు. విన్న మాటని తిరిగి చెప్పడం కూడా ఆ మాట అన్నట్టే లెక్క. "తిన్నాడట" అన్నందుకు నిజం అనే డిఫెన్స్ కావాలంటే, అలాంటి పుకారు నిజంగానే ఉంది అని చూపిస్తే సరిపోదు, అతను తిన్నాడు అనే చూపించాలి. "ఫలానావాళ్ళు నాకు చెప్పారు" అన్నా అంతే. "తిన్నాడా ఏంటి?" అని ప్రశ్నలా అడిగినా, చదివినవాడికి ఏం తడుతుందో అదే చూస్తారు.

మూర్తి: ఇది నాకు మింగుడు పడట్లేదమ్మా. మన వ్యవహారంలో 'ట' ఉంటే వినేవాడే సగం తగ్గించుకుని వింటాడు. భాష తెలిసిన జడ్జి అది గమనించడా?

విజయలక్ష్మి: గమనించొచ్చు మాస్టారూ, పరువు ఎంత పోయింది, పరిహారం ఎంత అనే దగ్గర అది లెక్కకి రావచ్చు. పూర్తిగా తప్పించుకోడానికి మాత్రం రాదు. అర్థం విషయంలో మీకు నచ్చే కేసు ఒకటుంది. బ్రిటన్లో ఒకావిడ మాజీ భర్త గురించి ఫేస్‌బుక్‌లో "నా పీక పిసకబోయాడు" అన్నట్టుగా రాసింది, అతను ఆమె మీద పరువు నష్టం కేసు వేశాడు. కింది కోర్టు జడ్జి డిక్షనరీ తీశాడు, అందులో ఆ క్రియకి పీక నులిమి చంపడం ఒక అర్థం, నొప్పి పుట్టేలా మెడ నొక్కడం ఇంకో అర్థం. ఆవిడ బతికే ఉంది, "బోయాడు" అనే రాసింది, కాబట్టి చంపబోయాడనే అర్థం అని తేల్చాడు. ఆమె ఓడిపోయింది. 2019లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, ఫేస్‌బుక్ చూసేవాడు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవడు, గబగబా చూసి ముందుకెళ్ళిపోతాడు, మెడ గట్టిగా పట్టుకున్నాడనే వాడికి తడుతుంది అని. ఆ అర్థంలో ఆమె మాట నిజమే కాబట్టి గెలిచింది.

మూర్తి: శభాష్. అంటే "తిన్నాడు"ని కూడా నిఘంటువు పట్టుకుని చూడకూడదు, వాడుకలో "డబ్బులు తిన్నాడు" అంటే కాజేశాడు అనే ఒక్క అర్థమే.

కిరణ్: అందరూ ట్రెజరర్ గురించే మాట్లాడుతున్నారు, నా సంగతి కూడా చెప్తా, దీనికి సంబంధం ఉందో లేదో. ఒక కోచింగ్ సెంటర్‌లో మా అబ్బాయిని చేర్పించి విసిగిపోయి "వీళ్ళంతా చీటర్స్" అని ఆన్‌లైన్ రివ్యూ పెట్టా, కింద "ఇది నా పర్సనల్ ఒపీనియన్ మాత్రమే" అని కూడా రాశా, అయినా లాయర్ నోటీస్ వచ్చింది. ఒపీనియన్ అని రాశాక ఎలా ఇస్తారండీ నోటీసు?

విజయలక్ష్మి: కిరణ్ గారూ నోటీసు ఎవరైనా ఇవ్వొచ్చు, దాంతోనే ఏం అయిపోదు. కానీ ఆ ఒపీనియన్ లైను మాత్రం మిమ్మల్ని కాపాడదు. అభిప్రాయమా కాదా అనేది కింద మీరు పెట్టిన లేబుల్ తేల్చదు, మీ వాక్యం చదివినవాడికి ఎలా కనిపిస్తుందో అది తేలుస్తుంది. ప్రజలకి సంబంధించిన విషయం మీద అభిప్రాయానికి దొరికే రక్షణని ఫెయిర్ కామెంట్ అంటాం, అది నిలబడాలంటే మీది దేని మీద అభిప్రాయమో చదివేవాడికి కనీసం కాస్తయినా తెలియాలి, ఆ ఆధారం నిజం కావాలి. "మే నెలలో మొత్తం ఫీజు కట్టించుకున్నారు, ఆగస్టు దాకా లెక్కల సార్ రాలేదు, అడిగితే రీఫండ్ లేదన్నారు, ఇది మోసమే అనిపించింది నాకు" అని రాసుంటే చదివినవాడు మీతో ఒప్పుకోకపోయినా మీరెక్కణ్ణించి ఆ మాట అన్నారో వాడికి తెలుస్తుంది. ఉత్త "చీటర్స్" అంటే ఏదో జరిగింది అని మీరు చెప్తున్న సమాచారం లాగా కనిపిస్తుంది, అప్పుడు దాన్ని నిజమని నిరూపించాల్సొస్తుంది.

ట్రెజరర్ ఉదాహరణే తీసుకుందాం. లిఫ్ట్ రిపేర్ బిల్లు లక్షా నలభై వేలు, ఖాతాలోంచి పోయింది లక్షా ఎనభై అనుకోండి. "నలభై వేలు తిన్నాడు" అంటే మీరు నిరూపించాల్సింది బిల్లుకీ ఖాతాకీ ఉన్న తేడా కాదు, ఆ డబ్బు అతని జేబులోకి వెళ్ళిందని. తీసుకున్నది ముప్ఫై ఐదే అని తేలితే పర్లేదు, ముఖ్యమైన ఆరోపణ నిజమైతే చిన్న తేడాలు పట్టించుకోరు. కానీ మిగతా నలభై వేరే పార్టుకి వేరే బిల్లు మీద కట్టారని తేలితే అయిపోయింది. అదే "బిల్లు ఇంత, పోయింది ఇంత, రెండు మీటింగుల్లో అడిగాం జవాబు లేదు, ఇలాంటాయన చేతిలో ఖాతా ఉండకూడదు" అంటే మొదటి మూడూ విషయాలు, చివరిది వ్యాఖ్య. విషయాలు నిజమైతే వ్యాఖ్య ఎంత ఘాటుగా ఉన్నా నడుస్తుంది, ఫెయిర్ అంటే మెత్తగా ఉండాలని కాదు. రెండో బిల్లు ఉందని ముందే చూసి కూడా ఇది రాసుంటే మాత్రం ఏదీ కాపాడదు.

సుధ: మరి అది సొసైటీ గ్రూపులోనే రాస్తే? ప్రజలకి సంబంధించిన విషయం అనిపించుకుంటుందా?

విజయలక్ష్మి: అక్కడ ఫెయిర్ కామెంట్ కంటే ఇంకోటి బాగా పనికొస్తుంది. డబ్బు కట్టే సభ్యులు తమ డబ్బు గురించి తమలో తాము మాట్లాడుకోవడానికి కొంత రక్షణ ఉంది, ప్రివిలేజ్ అంటాం. కక్షతో చెయ్యనంత వరకు, అదే మెసేజ్ బంధువుల గ్రూపులోకి ఫార్వర్డ్ చెయ్యనంత వరకు.

రమణ: కక్ష అంటే, ఆయనతో నాకు పార్కింగ్ గొడవ ఉందనుకోండి, నేను ఏం రాసినా కక్షే అంటారా?

విజయలక్ష్మి: అవతలి లాయర్ అదే అంటాడు, గ్యారంటీగా. నమ్మి రాశారా లేదా అన్నదే చూడాలని కొందరు జడ్జీలు అంటారు, పగతో రాసినా చెడిపోతుందనే పాత మాట ఇంకా పూర్తిగా పోలేదు. నేనైతే ఆ పార్కింగ్ గొడవ తేలేదాకా మీరు రాయకుండా, ఆ లెక్కలు ఇంకో సభ్యుడి చేత అడిగించమంటా.

మూర్తి: ఒక్క సందేహం మిగిలింది. వాట్సాప్‌లో నోటితో చెప్పి పంపే వాయిస్ మెసేజ్ ఉంది కదా, అది మీ లెక్కలో లైబెలా స్లాండరా? నోటి మాటే కదా మరి.

విజయలక్ష్మి: మాస్టారూ దానికి నా దగ్గర ఖాయమైన జవాబు లేదు. రికార్డయి ఉండిపోతుంది కాబట్టి లైబెల్ అని వాదించొచ్చు. రేడియో ప్రసారాన్ని ఇంగ్లండ్ చట్టం లైబెల్ కిందే పెట్టింది, 1934లో సినిమాలో మాటల మీద వచ్చిన కేసులోనూ లైబెల్ అనే తీర్పు. కానీ 2008లో అక్కడే ఒక జడ్జి ఇంటర్నెట్ బోర్డుల్లో గబగబా కొట్టే పోస్టులు రాతే అయినా తీరు చూస్తే స్లాండర్‌కి దగ్గరగా ఉన్నాయన్నాడు, బార్లో కబుర్లలాగా అని. రాసింది నోటి మాటలాగా, పలికింది రాతలాగా అయిపోయింది.

మూర్తి: అయితే సుధమ్మా, వ్యాసంలో లైబెల్, స్లాండర్ అనే ఉంచేయ్, తెలుగు చెయ్యకు. మాటా రాతా అని విడగొడితే వాయిస్ మెసేజ్ దగ్గర నువ్వే ఇరుక్కుంటావ్.

సుధ: అలాగేనండి. 'ట' గురించి మీరింకా ఒప్పుకున్నట్టు లేరు.

మూర్తి: ఒప్పుకోలేదు. రేపు దీని మీద వేరే పోస్టు పెడతా, "చేశాడంటున్నారు", "చేసినట్టున్నాడు" రెండూ కలిపి. విజయలక్ష్మి గారూ వస్తారా?

విజయలక్ష్మి: వస్తా. "చేసినట్టున్నాడు" ఇంకా ఇరకాటం మాస్టారూ, అందులో చూసినవాడి ఊహ ఉంది, వ్యాఖ్య కిందకి తోయడానికి కాస్త సందుంది.