అక్షయ తృతీయ ప్లాట్ ఆఫర్: ముహూర్తం పేరు ఎత్తితే ఒత్తిడేనా?

నంద్యాల చెక్‌పోస్ట్: కర్నూలులో మా లేఅవుట్‌కి అక్షయ తృతీయ ప్రకటన రాస్తున్నా. గజం 9,000, ఆ రోజు బుక్ చేస్తే 8,500. కొనేవాళ్లను తొందరపెట్టకుండా ఎలా రాయాలి?

గజాల లెక్క: మొత్తం ధర రాయండి. 150 గజాలు 13,50,000 అయ్యేది 12,75,000 అవుతుంది, 75,000 తగ్గింపు. కానీ 9,000లో కలిసి ఉన్న డెవలప్‌మెంట్ చార్జీని ఆఫర్‌లో విడదీసి గజానికి 400 వసూలు చేస్తే 60,000 వెనక్కి పోతుంది. అసలు తగ్గింపు 15,000 మాత్రమే. మీది ఏ రకం?

నంద్యాల చెక్‌పోస్ట్: ఓనర్‌ని అడగాలి.

సేల్స్ అన్న: రెరా నంబర్ వేస్తే చాలు స్వామీ. 'ఈ ఒక్కరోజే' అనకపోతే ఒక్కడూ కదలడు.

కడప కోడలు: పండగ ఆఫర్లే వద్దు. దసరాకి 'ఐదే ప్లాట్లు మిగిలాయి' అంటే 50,000 కట్టాం. నెల తర్వాత కూడా అదే ధర, అవే ప్లాట్లు. అడ్వాన్స్ ఇంకా రాలేదు.

ఎండాకాలం: సైట్ విజిట్‌కి సాయంత్రం బస్సు పెట్టండి. మధ్యాహ్నం ఎవరొస్తారు?

గజాల లెక్క: అన్నా, ప్రకటనలో రెరా నంబర్, వెబ్‌సైట్ ఎలాగూ ఉండాల్సిందే. నంబర్ ఉందని అబద్ధం చెల్లదు. ప్రకటన నమ్మి నష్టపోయినవాళ్లకు పరిహారం రెరా చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. లేని కొరత చూపించడాన్ని 2023 డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు కూడా తప్పంటున్నాయి. నిజంగా ఐదే ఉంటే ప్లాట్ నంబర్లు, తేదీ వేయండి. బుకింగుల లెక్క మూడు నెలలకోసారి రెరా సైట్‌లో పెట్టాలి కాబట్టి ఎవరైనా సరిచూసుకుంటారు.

సేల్స్ అన్న: నువ్వు ఎప్పుడైనా ఒక ప్లాట్ అమ్మినావా? పది రోజులు టైమిస్తే కాగితాలు లాయర్‌కి చూపిస్తారు, పక్క వెంచర్‌లో రేటు అడుగుతారు. నా కమిషన్ ఎవరిస్తారు?

కడప కోడలు: చూపించకూడదనే కదా మీ తొందరంతా!

గజాల లెక్క: అసలు గొడవ ఇప్పుడు బయటపడింది. ముహూర్తం తప్పు కాదు, అడ్వాన్స్‌ని దానికి ముడిపెట్టడమే తప్పు. ఇలా రాయండి:

'అక్షయ తృతీయ నాడైనా, తర్వాత 15 రోజుల్లోనైనా ధర ఒకటే: గజం 8,500, డెవలప్‌మెంట్ చార్జీలతో కలిపి. రిజిస్ట్రేషన్ ఖర్చులు వేరు. మంచిరోజున 5,000 టోకెన్ ఇచ్చి ప్లాట్ రాయించుకోండి. కాగితాలు చూశాక వద్దనుకుంటే ఆ 15 రోజుల్లో టోకెన్ మొత్తం వాపసు.'

అగ్రిమెంట్ రిజిస్టర్ కాకముందు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఈ ప్లాట్‌కి అది 1,27,500.

సేల్స్ అన్న: 5,000 ఇచ్చినవాడు మళ్లీ ఫోన్ ఎత్తడు. చూస్తూ ఉండండి.

నంద్యాల చెక్‌పోస్ట్: ఓనర్‌కి పంపా. చార్జీలు కలిపే ఉన్నాయట. 15 రోజులకు బదులు 7 అంటున్నాడు. వాపసు మాట మాత్రం తీసేయమన్నాడు.

కడప కోడలు: ఆ వెంచర్ ఏ రోడ్డులో ఉందో చెప్పండి. మావాళ్లను అటు పోవద్దంటా.